48 వేల డిపాజిట్, ఆరు కోతలు: ఫోటోల మీద కట్టిన ఒక ఉత్తరం

మియాపూర్ వైపు ఒక అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు, డబుల్ బెడ్‌రూం. 2022 జూన్‌లో ఒక జంట అద్దెకి దిగారు, 2025 మార్చి 31న ఖాళీ చేశారు. దిగినప్పుడు అద్దె 24,000, వెళ్లేటప్పటికి 26,400. డిపాజిట్ రెండు నెలల అద్దె, అంటే 48,000, బ్యాంకు నుంచి పంపారు కాబట్టి దాని మీద గొడవ లేదు. తాళాలు వాచ్‌మన్‌కి ఇచ్చి వచ్చిన పది రోజులకి ఓనర్ వాట్సాప్‌లో లెక్క పెట్టాడు: పెయింటింగ్ 26,400, హాలు గోడకి రంధ్రాలు పూడ్చడం 4,000, పెద్ద బెడ్‌రూం గోడ చెమ్మ రిపేరు 8,500, వంటింటి గ్రానైట్ 5,000, సింక్ కింద కబోర్డు తలుపు 6,500, క్లీనింగ్ 3,500. మొత్తం 53,900. కింద ఒక వాక్యం, "లెక్క ప్రకారం మీరే నాకు 5,900 ఇవ్వాలి, పోనీలెండి, అది వదిలేస్తున్నాను."

ఆ దంపతులు నా దగ్గరికి వచ్చినప్పుడు వాళ్లకి ఎక్కువ మండింది ఆ 'పోనీలెండి' దగ్గరే. నేను వకీలుని, అద్దె గొడవలు తరచుగా వస్తాయి, అందులో సగం ఈ డిపాజిట్ల కథే. గుర్తు పట్టకుండా వివరాలు కాస్త మార్చి ఈ కేసు రాస్తున్నాను, ఎందుకంటే దీంట్లో కోర్టూ లేదు, లీగల్ నోటీసూ లేదు, అద్దెకున్నవాళ్లు తమ పేరుతో రాసిన ఒక్క ఉత్తరంతో తేలింది. ఆ ఉత్తరం ఎలా కట్టామన్నదే ఇక్కడ విషయం.

వాళ్లు అప్పటికే ఒక డ్రాఫ్టు రాసుకుని తెచ్చారు. ఇంగ్లీషులో మూడు పేజీలు, ఛీటింగ్, హెరాస్‌మెంట్, మోడల్ టెనెన్సీ చట్టం, కన్జ్యూమర్ కోర్టు, పోలీస్ కంప్లయింట్, అన్నీ ఉన్నాయి. వెనకాల నలభైకి పైగా ఫోటోలు వరస లేకుండా జత చేశారు. చదివేవాడికి కోపం వస్తుంది, ఏ ఫోటో దేనికో మాత్రం తెలియదు. మోడల్ టెనెన్సీ చట్టం సంగతి చాలామంది అడుగుతారు కాబట్టి చెబుతాను. 2021లో కేంద్రం తెచ్చింది ఒక నమూనా, ఇళ్లకి డిపాజిట్ రెండు నెలల అద్దె దాటకూడదని అందులో ఉంది, కానీ రాష్ట్రం దాన్ని తన చట్టంగా చేసుకుంటే తప్ప అది ఓనర్‌ని కట్టేయదు. ఉత్తరంలో దాన్ని చూపించి బెదిరిస్తే అవతలివాళ్ల వకీలు నవ్వుకుంటాడు. పోలీస్ స్టేషన్‌కి వెళ్తే సివిల్ మేటర్ అని పంపేస్తారు. ఇంతకంటే పాతదీ, గట్టిదీ ఒకటుంది: 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, సెక్షన్ 108, అందులో ఎం క్లాజు. అద్దెకున్నవాడు ఇంటిని తను తీసుకున్నప్పుడు ఎలా ఉందో అలాగే అప్పగించాలి, సహజంగా జరిగే అరుగుదల, మనిషి ఆపలేని విపత్తు మాత్రం మినహా. ఫోటోల గొడవంతా ఈ ఒక్క వాక్యం చుట్టూనే తిరుగుతుంది, 'తీసుకున్నప్పుడు ఎలా ఉంది' అన్నదానికి దిగినప్పటి ఫోటో తప్ప వేరే సాక్షి సాధారణంగా ఉండదు. అయితే అదే సెక్షన్ మొదట్లోనే, వేరే ఒప్పందం లేకపోతేనే ఇవి వర్తిస్తాయని కూడా ఉంది. అది మన పెయింటింగ్ దగ్గర తగిలింది.

మొదట చేసిన పని ఒక తెల్లకాగితం మీద ఓనర్ లెక్కలోని ఆరు పద్దులు ఆయన రాసిన వరసలోనే రాసుకోవడం. మన వరస కాదు, ఆయనది. ఒక్కో పద్దు ఎదురుగా దిగినప్పటి ఫోటో ఏది, ఖాళీ చేసినప్పటి ఫోటో ఏది, ఆ రెంటిలో ఏం కనిపిస్తోంది, ఏం కనిపించడం లేదు. ఈ చివరి గడి చాలామంది వదిలేస్తారు. ఫోటోలో లేని సంగతి ఉత్తరంలోకి ఎక్కితే అవతలివాడు పట్టుకునేది దాన్నే, ఆ దెబ్బకి నిజంగా ఉన్నవి కూడా అనుమానంలో పడతాయి.

దిగినప్పటి ఫోటోలు ఆమె తీసినవి. తాళాలు చేతికి వచ్చిన సాయంత్రం, సామాను రాకముందు, గది గదికీ తిరిగి తీసింది. ఓనర్‌కి మాత్రం అప్పుడు పంపలేదు. పంపి ఉంటే ఆ తేదీ ఆయన ఫోన్‌లోనే ఉండేది, వాదనకి చోటే ఉండేది కాదు. సరే, ఉన్నదాంతోనే చూద్దాం అనుకున్నాం. ఆమె ఫోన్‌లో ఒరిజినల్స్ అలాగే ఉన్నాయి, IMG_20220608_184212.jpg లాంటి పేర్లతో, వివరాలు తెరిస్తే తీసిన తేదీ, టైము, ఫోన్ మోడలు కనిపిస్తాయి. ఇదే ఫోటో వాట్సాప్‌లో మామూలుగా పంపితే సైజు తగ్గిపోతుంది, లోపలి తేదీ వివరాలూ పోతాయి, పేరు IMG-20220608-WA0012.jpg అని మారిపోతుంది. డాక్యుమెంట్‌గా పంపితేనే ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది. కాబట్టి మొదటి రోజే ఆమెకి చెప్పింది ఒకటే: ఒరిజినల్ మీద గీతలు గీయొద్దు, క్రాప్ చేసి సేవ్ చేయొద్దు, బాణాలు పెట్టాలంటే కాపీ తీసి దాని మీద పెట్టు.

ఫోన్‌లోని తేదీని మార్చొచ్చు కదా అంటారు. మార్చొచ్చు. అందుకే ఫోటోలోనే తేదీ చెప్పేది ఏదైనా ఉందా అని వెతుకుతాం. హాలు ఫోటోలో దొరికింది. టీవీ గోడకి పక్కన ఒక మేకు, దానికి మునుపు అద్దెకున్నవాళ్లు వదిలేసిన తెలుగు క్యాలెండర్, పెద్దగా చేసి చూస్తే మే 2022 పేజీ. వాళ్లు మేలో ఖాళీ చేశారు, వీళ్లు జూన్‌లో దిగారు. అంతకన్నా మంచి సాక్ష్యం కోరినా దొరకదు. పైగా ఆ మేకు, దాని పక్కన టీవీ స్టాండ్ తీసేసిన రెండు రంధ్రాలు వీళ్లు రాకముందువే అని కూడా ఆ ఫోటోయే చెబుతోంది.

ఇక పద్దులు.

పెయింటింగ్ దగ్గర వాళ్లాయన గట్టిగా పట్టుబట్టాడు, మూడేళ్లు దగ్గర పడుతోంది, ఎవరున్నా ఆ రంగు మాసేదే, అది సహజ అరుగుదల కదా అని. మాట కరెక్టే. కానీ అగ్రిమెంటు తెరిచి చూస్తే ఆరో క్లాజులో ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ నిమిత్తం ఒక నెల అద్దె మినహాయించుకుంటారని స్పష్టంగా ఉంది, ఇద్దరూ సంతకం పెట్టారు. వేరే ఒప్పందం లేకపోతేనే అని చట్టంలో ఉన్న మాట ఇక్కడ పనిచేస్తుంది. ఏ నెల అద్దె, మొదటి 24,000నా చివరి 26,400నా అని 2,400 కోసం వాదించొచ్చు, వాదనకి చోటు కూడా ఉంది. నేను వద్దన్నాను. ఆ పద్దు మొత్తం ఒప్పుకుంటే మనకి వచ్చే లాభం దానికన్నా పెద్దది: పెయింటింగ్‌కి పూర్తి డబ్బు తీసుకున్నాక గోడ రంధ్రాలు పూడ్చడానికి విడిగా 4,000 ఎలా తీసుకుంటారు? రంగు వేసే ముందు పుట్టీ పెట్టి రంధ్రాలు పూడ్చి రుద్దడం పెయింటర్ పనిలో భాగమే, ఏ పెయింటరూ రంధ్రాలు అలా వదిలేసి రంగు కొట్టడు. ఒకే పనికి రెండుసార్లు డబ్బు. ఇలాంటి లెక్కల్లో నాకు ఎక్కువగా కనిపించేది ఇదే, పెయింటింగ్ అని ఒక పద్దు, మళ్లీ అదే గోడకి మరకలనీ రంధ్రాలనీ ఇంకో పద్దు. వీళ్లు నాలుగు రంధ్రాలు చేసిన మాట నిజం, ఉత్తరంలో ఆ సంఖ్య రాసే ఒప్పుకున్నాం.

చెమ్మ గోడ దగ్గర కాసేపు ఆగాలి, ఈ కేసుకి ప్రాణం అదే. ఓనర్ వాదన ఏమిటంటే, మీరు కిటికీలు మూసేసి బట్టలు గదిలో ఆరేశారు, అందుకే గోడ పాడైంది. ఇది ఊరికే కొట్టేసే మాట కాదు, గదిలో బట్టలు ఆరేస్తే గోడలకి బూజు పట్టడం నిజమే. కానీ ఆ బూజు వేరేగా ఉంటుంది: గాలి ఆడని మూలల్లో, బీరువా వెనకాల, నల్లటి చుక్కలు చుక్కలుగా పరుచుకుని, దానికో అంచంటూ ఉండదు. పైనుంచి నీళ్లు దిగితే ముద్ర వేరు. స్లాబూ గోడా కలిసే చోట మొదలై కిందికి జారుతుంది, చుట్టూ పసుపూ గోధుమా కలిసిన గీత ఉంటుంది, మధ్యలో పెయింటు పొంగి వేలితో రాస్తే తెల్లటి ఉప్పు పొడి రాలుతుంది. ఖాళీ చేసినప్పటి ఫోటోలో ఉన్నది రెండో రకం, కిటికీకి ఎడమ పైమూల నుంచి రెండడుగుల మేర. నల్ల చుక్కలు ఒక్కటి లేవు. పై ఫ్లాట్‌లో సరిగ్గా ఆ చోట బాత్రూం ఉంది, బిల్డర్ బ్రోచర్‌లో అది కనిపిస్తుంది, పైన ఎవరు దిగినా ఇది జరిగేదే.

దిగినప్పటి ఫోటోలో ఆ మూల మామూలుగా చూస్తే శుభ్రంగానే ఉంది. ఆమె కూడా అలాగే అనుకుంది. ల్యాప్‌టాప్‌లో ఒరిజినల్ తెరిచి ఆ మూల పెద్దది చేస్తే, కర్టెన్ రాడ్ కొక్కెం పైన, అరచేయంత మేర, లేత పసుపు గీత ఒకటి వంపు తిరిగి ఉంది, దాని లోపలి రంగు చుట్టుపక్కల రంగు కన్నా పిసరంత కొత్తగా ఉంది. అంటే అంతకుముందే మరక వస్తే పైపైన రంగు పూసి కప్పారు. వాట్సాప్ కాపీలో ఆ గీత కనబడదు, అంత సైజు తగ్గిపోయింది, ఒరిజినల్ ఉండబట్టే దొరికింది. దానికి తోడు 2023 ఆగస్టులో ఆమె ఓనర్‌కి పంపిన మెసేజ్, "అంకుల్, బెడ్‌రూం పైమూల చెమ్మ దిగుతోంది, ఒకసారి చూస్తారా" అని, ఫోటోతో సహా. ఆయన జవాబు, "పై ఫ్లాటు వాళ్లతో మాట్లాడతానమ్మా." ఆ జవాబు స్క్రీన్‌షాట్ ఉత్తరానికి జత చేసిన కాగితాల్లో అన్నిటికన్నా బరువైనది, ఎందుకంటే కారణం పైనుంచి అని ఆయనే ఒప్పుకున్నాడు. స్క్రీన్‌షాట్‌లో పై నంబరూ తేదీ కనిపించేలా తీశాం. చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి కూడా పెట్టుకున్నాం, ముక్క తీసి చూపించారని అనకుండా.

గ్రానైట్ మీద వాదన లేదు. దిగినప్పటి ఫోటోలో పొయ్యి పక్క అంచు నిండుగా ఉంది, ఖాళీ చేసినప్పటి ఫోటోలో పెచ్చు ఊడింది. ఆమె తెలివిగా పక్కన పది రూపాయల బిళ్ల పెట్టి తీసింది, బిళ్ల 27 మిల్లీమీటర్లు, పెచ్చు దానికన్నా కొంచెం చిన్నది. ప్రెజర్ కుక్కర్ జారి పడిందట. ఆమె అడిగింది, ఈ ఫోటో పెట్టకపోతే ఏమవుతుంది అని. పెట్టకపోతే ఆయన ఫోటో పెడతాడు, అందులో బిళ్ల ఉండదు, పెచ్చు ఎంత పెద్దదిగానైనా కనబడుతుంది. మనకి వ్యతిరేకంగా ఉన్న ఫోటో మనమే పెడితే కొలతతో పెట్టొచ్చు, బేరం పెచ్చు దగ్గరే ఆగుతుంది, బండ మొత్తం మార్చే దాకా పోదు. గ్రానైట్ పని చేసే మేస్త్రీని అడిగితే పెచ్చు ఊడిన చోట అదే రంగు రెజిన్ నింపి పాలిష్ చేస్తే 1,500 అవుతుందన్నాడు. అది రాయించి తీసుకున్నారు.

సింక్ కింద తలుపు నన్ను కొంచెం తిప్పలు పెట్టింది. ఖాళీ చేసినప్పుడు తలుపు అడుగున చెక్క ఉబ్బి, లామినేట్ ఊడి వేలాడుతోంది. దిగినప్పటి ఫోటోల్లో వంటిల్లు ఉంది కానీ అన్నీ నడుము ఎత్తు నుంచి తీసినవి, సింక్ కింద ఒక్కటీ లేదు. ఇది అందరి ఫోటోల్లోనూ ఉండే లోటు. గోడలూ కిటికీలూ అద్దాలూ తీస్తారు. సింక్ కింద, వాష్ బేసిన్ కింద, తలుపు వెనకాల, బీరువా లోపల, గీజర్ అడుగున తీయరు, గొడవలు వచ్చేది మాత్రం సరిగ్గా అక్కడే.

ఇలాంటప్పుడు నేను అడిగే ప్రశ్న ఒకటుంది: పాలు పొంగించినప్పుడు ఫోటో ఎవరు తీశారు? అద్దె ఇల్లయినా సరే మనవాళ్లు దిగే రోజు పాలు పొంగించకుండా ఉండరు, ఆ ఫోటో తీయకుండానూ ఉండరు, పొయ్యి పక్కన ఏముందో అంతా అందులో పడుతుంది. వీళ్లదీ ఉంది. ఆమె చెల్లెలు తీసింది, జూన్ 9 పొద్దున. గిన్నె, పసుపు కుంకుమ, నవ్వుతున్న అత్తగారు, ఆమె చీర అంచుకి పక్కన కింద మూలలో సింక్ తలుపు. అడుగు అంచున లామినేట్ వేలెడు మేర లేచి, లోపలి చెక్క ముదురు రంగులో కనిపిస్తోంది. వీళ్ల దగ్గరున్నది ఫ్యామిలీ గ్రూపులో వచ్చిన కాపీ, కాబట్టి చెల్లెలి ఫోన్ నుంచి ఒరిజినల్ డ్రైవ్‌లో పెట్టించాం. ఇక్కడే జాగ్రత్త పడాల్సి వచ్చింది. వాళ్లాయన ఉత్తరంలో 'మేం దిగినప్పుడే తలుపు పాడై ఉంది' అని రాద్దామన్నాడు. ఫోటో అంత చెప్పదు. అంచు లేచిందని చెబుతుంది, ఉబ్బిందని చెప్పదు. అప్పటికే నీళ్లు తగలడం మొదలైందన్నంత వరకే రాశాం.

క్లీనింగ్ 3,500. బాత్రూం టైల్స్ మీద తెల్లటి ఉప్పు మరకలు బోరు నీళ్లవి, దిగినప్పుడూ ఉన్నాయి. కానీ చిమ్నీకి జిడ్డు కారుతోంది, బాల్కనీలో పాత కుండీలు, మట్టి అలాగే వదిలేశారు, ఖాళీ చేసినప్పటి వాళ్ల సొంత వీడియోలోనే కనిపిస్తోంది. ఇది మొత్తం ఇచ్చేయండి అన్నాను.

ఉత్తరం తెలుగులో రాయించాను. ఓనర్ రిటైరైన ఉద్యోగి, వాట్సాప్ మెసేజ్‌లన్నీ తెలుగులోనే పెడతాడు. ఇంగ్లీషు ఉత్తరం వెళ్తే అది లీగల్ నోటీసని ముందు ఎవరైనా వకీలు దగ్గరికి పట్టుకెళ్తాడు, తెలుగులో వెళ్తే ముందు చదువుతాడు. నా పేరూ నా లెటర్‌హెడ్డూ లేవు. వెళ్లిన ఉత్తరం ఇది, పేర్లూ చిరునామాలూ తీసేశాను:

"గౌరవనీయులైన ఓనర్ గారికి, నమస్కారం.

మీ ఫ్లాట్‌లో 2022 జూన్ నుంచి 2025 మార్చి 31 వరకు మేము అద్దెకు ఉన్నాము. ఆ రోజు సాయంత్రం తాళాలు మీరు చెప్పినట్టే వాచ్‌మన్‌కు ఇచ్చి, మీకు మెసేజ్ పెట్టాము. మా డిపాజిట్ రూ. 48,000 మీ దగ్గర ఉంది. మీరు పంపిన లెక్కలో ఆరు పద్దులు చూశాము. ఒక్కో దానికి మా జవాబు కింద రాస్తున్నాము. ఫోటోలు ఇదే వరసలో జతచేశాము.

ఒకటి, పెయింటింగ్ రూ. 26,400. అగ్రిమెంటులో ఆరో క్లాజు ప్రకారం ఒప్పుకుంటున్నాము.

రెండు, హాలు గోడ రంధ్రాలు రూ. 4,000. మేము నాలుగు రంధ్రాలు చేశాము. మేకు, మరో రెండు రంధ్రాలు మేము రాకముందే ఉన్నాయి, ఫోటో 1 చూడండి, గోడకు మే 2022 క్యాలెండర్ ఉంది. రంధ్రాలు పూడ్చడం పెయింటింగ్‌లో భాగమే కాబట్టి, పెయింటింగ్ డబ్బు పూర్తిగా ఇచ్చాక దీన్ని విడిగా ఒప్పుకోలేము.

మూడు, బెడ్‌రూం చెమ్మ రూ. 8,500. మేము దిగిన రోజునే అదే మూలలో మరక గీత ఉంది, ఫోటో 3, పెద్దది చేసినది ఫోటో 4. మార్చి 30న ఎలా ఉందో ఫోటో 5. మరక స్లాబు దగ్గర మొదలై కిందికి దిగింది, పైన బాత్రూం ఉంది. 2023 ఆగస్టులో మేము మీకు చెప్పాము, పై ఫ్లాటు వాళ్లతో మాట్లాడతానని మీరు జవాబిచ్చారు, దాని కాపీ జతచేశాము. ఇది మా వాడకం వల్ల వచ్చినది కాదు కాబట్టి ఒప్పుకోలేము.

నాలుగు, గ్రానైట్ రూ. 5,000. అంచు పెచ్చు ఊడింది మా వల్లే. ఫోటో 6 దిగినప్పటిది, ఫోటో 7 ఖాళీ చేసినప్పటిది, సైజు తెలియడానికి పక్కన పది రూపాయల బిళ్ల ఉంది. పెచ్చు నింపి పాలిష్ చేయడానికి మేస్త్రీ చెప్పిన రూ. 1,500 ఒప్పుకుంటున్నాము. ఆ రిపేరుకు మీకు ఎక్కువైతే బిల్లు పంపండి, చూసి ఇస్తాము.

ఐదు, సింక్ కింది తలుపు రూ. 6,500. 2022 జూన్ 9 నాటి ఫోటో 8లో తలుపు అడుగు అంచున లామినేట్ అప్పటికే లేచి ఉంది. తర్వాత అది ఇంకా పెరిగిన మాట నిజమే, ఫోటో 9. అప్పటికే నీళ్లు తగిలిన పాత తలుపుకు కొత్త తలుపు ఖరీదు మా నుంచి తీసుకోవడం న్యాయం కాదని మా మనవి.

ఆరు, క్లీనింగ్ రూ. 3,500. ఒప్పుకుంటున్నాము.

మేము ఒప్పుకున్నవి మొత్తం రూ. 31,400. మాకు రావాల్సింది రూ. 16,600. ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో దయచేసి మా ఖాతాకు పంపండి. ఏ పద్దు మీదైనా మీ దగ్గర వేరే ఫోటో గానీ బిల్లు గానీ ఉంటే ఆలోపే పంపండి, తప్పకుండా చూస్తాము. అప్పటికీ తేలకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో లోక్ అదాలత్‌కు అర్జీ పెట్టుకుంటాము.

ఇట్లు, మీ మాజీ అద్దెదారులు."

దీనికి జతచేసిన ఫోటో పేజీలు ఎలా ఉన్నాయంటే, ఒక ఎ4 కాగితానికి ఒకటే పద్దు, ఎడమవైపు దిగినప్పటి ఫోటో, కుడివైపు ఖాళీ చేసినప్పటిది, రెంటిలోనూ గోడ అదేనని తెలిసేలా కిటికీ మూలో స్విచ్ బోర్డో కనబడాలి, కింద ఫైలు పేరూ తేదీ. దగ్గర్నుంచి తీసిన ఫోటో ఒక్కటే పెడితే అది ఏ ఇంటి గోడైనా కావచ్చు. రంధ్రాలకీ చెమ్మకీ దూరం నుంచి ఒకటి, దగ్గర్నుంచి ఒకటి పెట్టాం. రంగుల ప్రింటు, ఆ పసుపు గీత నలుపు తెలుపులో మాయమైపోతుంది. నలభై ఫోటోల్లోంచి చివరికి వాడినవి తొమ్మిది. మిగతావి పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి.

పంపడం రెండు దారుల్లో: స్పీడ్ పోస్టులో డెలివరీ ప్రూఫ్‌తో, అదే పీడీఎఫ్ వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా. రిజిస్టర్డ్ పోస్టే పంపాలని ఇప్పటికీ పాత అలవాటుతో అడిగేవాళ్లున్నారు, 2025 సెప్టెంబరు 1 నుంచి దాన్ని స్పీడ్ పోస్టులో కలిపేశారు, రిజిస్ట్రేషన్ కావాలంటే అందులోనే అదనంగా తీసుకోవాలి.

లోక్ అదాలత్ అని ఎందుకు రాశామంటే, కేసు వేయకముందే అక్కడికి వెళ్లొచ్చు, కోర్టు ఫీజు ఉండదు, ఇద్దరూ ఒప్పుకుని రాజీ అయితే ఆ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు ఉండదు. పదహారు వేలకి సివిల్ సూట్ వేస్తే వకీలు ఫీజే దాన్ని తినేస్తుంది, ఇది నా వృత్తికి విరుద్ధమైన మాటే అయినా నిజం. అయితే లోక్ అదాలత్‌లో అవతలివాళ్లు రాకపోతే, వచ్చినా ఒప్పుకోకపోతే అది అక్కడితో ఆగిపోతుంది, మళ్లీ సూటే గతి, దానికి మూడేళ్ల గడువు ఉంటుంది. సూటు దాకా వెళ్తే ఫోటోలు ప్రింటు తీసి ఇస్తే చాలదు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లో సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి, అందులో ఫోన్ వివరాలూ, ఫైలు మారలేదని చూపే హ్యాష్ విలువా రాయాలి, వాళ్ల తరఫున ఒక భాగం, నిపుణుడి సంతకంతో ఇంకో భాగం. ఫోన్ అమ్మేయొద్దని, ఎక్స్‌చేంజ్‌లో ఇవ్వొద్దని ఆమెకి ముందే చెప్పింది అందుకే.

ఉత్తరం అందిన మూడో రోజు ఓనర్ ఫోన్ చేశాడు, ఆమెకి. ముందు నొచ్చుకున్నాడు, "నేనేమైనా మీ డబ్బు తినేవాడినా అమ్మా, పిల్లల్లాగా చూసుకున్నాను, లోక్ అదాలత్ దాకా రాశారేంటి" అని. ఆమెకి ముందే చెప్పి ఉంచాను, ఫోన్‌లో అంకె ఏదీ ఒప్పుకోవద్దు, కాదనొద్దు, "సరే అంకుల్, మీరు చెప్పింది మెసేజ్ పెట్టండి, ఆయనతో మాట్లాడి చెబుతాను" అని మాత్రం అను అని. అలాగే అంది. ఆయన చెమ్మ గురించి ఒక్క మాట ఎత్తలేదు, రంధ్రాల గురించీ ఎత్తలేదు. మాట్లాడిందంతా గ్రానైట్, తలుపు. ఆ రాత్రే గ్రానైట్ రిపేరు బిల్లు పంపాడు, 3,100, అప్పటికే పని చేయించేశాడట. బిల్లులో పెచ్చు నింపడం, అంచు మొత్తం పాలిష్ అని ఉంది, షాపు పేరూ తేదీ ఉన్నాయి. అంచు మొత్తం ఎందుకు, పెచ్చు ఊడిన చోట చాలదా అని వాళ్లాయన. ఒకచోట మాత్రమే పాలిష్ చేస్తే అతుకులా కనబడుతుంది, మేస్త్రీలు అంచు పొడుగునా చేస్తారు, అది న్యాయమైన బిల్లే. బిల్లు పంపితే చూసి ఇస్తామని మనమే రాశాం కాబట్టి ఒప్పుకోమన్నాను.

తలుపు కోసం ఆయన సగం అడిగాడు, 3,250. దానికి ఆమె జవాబుగా మళ్లీ ఏమీ రాయలేదు, పాలు పొంగించిన ఫోటో డాక్యుమెంట్‌గా ఇంకోసారి పంపింది, అంతే. ప్రింటులో చిన్నగా ఉన్న మూల ఫోన్‌లో పెద్దది చేసుకుంటే బాగా కనిపిస్తుంది. రెండు రోజులు చప్పుడు లేదు. తర్వాత 15,000 ఖాతాలో పడింది, 16,600లో గ్రానైట్ తేడా 1,600 పోగా సరిగ్గా అంతే. తలుపు ఊసు లేదు.

వాళ్లాయన సంతోషంగా లేడు. 48,000 ఇచ్చి 15,000 చేతికొచ్చింది, పోయినదాంట్లో ఎక్కువ భాగం ఆ ఆరో క్లాజుదే, దాన్ని ఏ ఫోటో కాపాడలేదు. కొత్త ఫ్లాటు అగ్రిమెంటు నాకు పంపాడు, అందులోనూ అదే క్లాజు ఉంది. రెండేళ్లు దాటి ఉంటే పెయింటింగ్ మినహాయింపు ఉండదని ఒక వాక్యం చేర్చమని అడగమన్నాను. కొత్త ఓనర్ మూడేళ్లకి ఒప్పుకున్నాడు.

డబ్బు పంపే ముందు పాత ఓనర్ ఇంకో మెసేజ్ పెట్టాడు, లెక్క పూర్తిగా తేలిపోయిందని రాసివ్వండి, పంపుతాను అని. అలా అడగడం తప్పేమీ కాదు, ఆయనకీ భయం ఉంటుంది. కానీ ముందు రాసిచ్చేస్తే చేతిలో ఏమీ మిగలదు. మేం పెట్టించిన జవాబు: "రూ. 15,000 మా ఖాతాలో జమ అయిన వెంటనే, డిపాజిట్ విషయంలో ఇక ఏ బాకీ లేదని మెసేజ్ పెడతాము." జమ అయిన పది నిమిషాలకి ఆమె ఆ మెసేజ్ పెట్టింది, అంకె, తేదీ, ఫ్లాట్ నంబరుతో.